టోపో షీట్ ఫొటోలో లెజెండ్, స్కేలు కనిపించడం లేదు. దూరం ఎలా లెక్కకట్టాలి?

పదోక్లాసు అమ్మ (విశాఖ):
మా అబ్బాయి ఐసీఎస్ఈ పదో తరగతి. జాగ్రఫీ వర్క్‌షీట్‌ను స్కూల్ యాప్‌లో బొమ్మగా పెట్టారు. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్‌లోంచి ఒక ముక్క అది. అడుగున లెజెండ్, స్కేల్ బార్ ఉన్నట్టు తెలుస్తోంది కానీ జూమ్ చేస్తే అక్షరాలు అలికేసినట్టు అయిపోతున్నాయి. గళ్ల పక్కన నంబర్లు మాత్రం చదవొచ్చు. ప్రశ్నలు ఇవి: 815344 దగ్గరున్న గుడికీ 855374 దగ్గరున్న వంతెనకీ మధ్య తిన్నని దూరం ఎంత? కాంటూరు అంతరం ఎంత? 8335 గడిలో వాగు ఏడాదంతా పారుతుందా? వాడు స్క్రీన్ మీద స్కేలు పెట్టి 5.2 సెం.మీ. వచ్చిందని, అంటే 2.6 కి.మీ. అని రాశాడు. నాకు నమ్మకం కుదరడం లేదు. రేపు సాయంత్రంలోగా అప్‌లోడ్ చేయాలి, టెన్షన్‌గా ఉంది.

ప్రిపరేషన్ తమ్ముడు:
అక్కా, టోపో షీట్ స్కేలు 1:50,000. అంటే 2 సెం.మీ.కి 1 కి.మీ. ఇది అందరికీ తెలిసిందే, లెజెండ్ చదవాల్సిన పనే లేదు. 5.2ని రెండుతో భాగిస్తే 2.6. మీ అబ్బాయి కరెక్టే.

సర్వే తాతయ్య (రిటైర్డ్):
తమ్ముడూ, షీట్ స్కేలు నువ్వు చెప్పిందే. కానీ ఆ మాట కాగితం మీద అచ్చయిన సైజుకే వర్తిస్తుంది. ఫోన్లో చూస్తే ఒక సైజు, లాప్‌టాప్‌లో ఇంకో సైజు. బొమ్మ సైజు మారిందంటే 1:50,000 అన్న అంకె ఆ బొమ్మకు పనికిరాదు. స్కేల్ బార్ అయితే బొమ్మతో పాటే తగ్గుతుంది, పెరుగుతుంది కాబట్టి అది చదవగలిగితే వాడుకోవచ్చు. ఇక్కడ అదే కనిపించడం లేదు.

అమ్మా, బాబు కొలిచిన అదే స్క్రీన్ మీద ఒక గడి అడ్డం ఎంత ఉందో కొలవమనండి. మెట్రిక్ షీట్లో గడి వెడల్పు నేల మీద 1 కి.మీ. అసలు సైజులో ఉంటే గడి సరిగ్గా 2 సెం.మీ. రావాలి.

పదోక్లాసు అమ్మ:
గడి 1.1 సెం.మీ. వచ్చిందండి.

ప్రిపరేషన్ తమ్ముడు:
ఓహో. అయితే 1.1 సెం.మీ.కి 1 కి.మీ. 5.2ని 1.1తో భాగిస్తే దాదాపు 4.7. ఇది ఫైనల్.

సర్వే తాతయ్య:
ఆగు బాబూ. అడ్డం కొలిచారు సరే, నిలువు కొలిచారా? అమ్మా, ఆ బొమ్మను కంప్యూటర్లో ఏదైనా ఫొటో ఎడిటర్‌లో తెరిచి, ఒక గడికి అడ్డం ఎన్ని పిక్సెళ్లు, నిలువు ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో చూడండి. ఒక్క గడి చూస్తే పొరపాటు పడొచ్చు. అయిదారు గళ్లు కలిపి కొలిచి భాగించండి.

పదోక్లాసు అమ్మ:
అడ్డం 90, నిలువు 78. మొత్తం బొమ్మ వెడల్పు 1080, అంటే అడ్డంగా 12 గళ్లు ఉన్నాయి. గళ్లు చతురస్రంగా ఉండాలి కదా?

సర్వే తాతయ్య:
ఉండాలి. యాప్‌లోనో, ఎవరో డాక్యుమెంట్‌లో అతికించేటప్పుడో నిలువునా నొక్కేశారు. ఇలాంటి బొమ్మ మీద ఏటవాలుగా కొలిస్తే ఏ ఒక్క స్కేలూ సరిపోదు. అడ్డానికి ఒక స్కేలు, నిలువుకి ఇంకో స్కేలు అయిపోయింది మరి.

అందుకని కొలవడం మానేయండి. మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. ఆరంకెల గ్రిడ్ రిఫరెన్స్‌లో మొదటి మూడంకెలు తూర్పుకి, తర్వాతి మూడు ఉత్తరానికి. చివరి అంకె ఒక్కటి మారితే 100 మీటర్లు. గుడి 815, వంతెన 855, తేడా 40, అంటే తూర్పుకి 4 కి.మీ. ఉత్తరానికి 344 నుంచి 374, తేడా 30, అంటే 3 కి.మీ. లంబకోణ త్రిభుజం వేస్తే 4, 3, కర్ణం 5. తిన్నని దూరం 5 కి.మీ. స్కేల్ బార్ కనబడినా, కనబడకపోయినా, బొమ్మ నలిగినా ఇది మారదు. ఆరంకెల రిఫరెన్స్ 100 మీటర్ల వరకే చెబుతుంది కాబట్టి రెండు చివర్లా ఆ మేరకు అటూ ఇటూ ఉండొచ్చు. అందుకే 5.03 లాంటి అంకెలు రాయకండి.

ప్రిపరేషన్ తమ్ముడు:
ఓకే తాతయ్యా, ఒప్పుకున్నా. కానీ ప్రశ్న రోడ్డు వెంట దూరం అయితే? అప్పుడు కర్ణం పనికిరాదు కదా.

సర్వే తాతయ్య:
మంచి ప్రశ్న. అప్పుడు ముందు బొమ్మను సరిచేయాలి. ఫొటో ఎడిటర్‌లో వెడల్పు అలాగే ఉంచి, ఎత్తును 90/78 రెట్లు చేయాలి. అంటే ఇప్పుడు ఎత్తు 1000 పిక్సెళ్లు ఉంటే 1154 చేస్తాం. గళ్లు మళ్లీ చతురస్రాలు అవుతాయి. దాన్ని ప్రింట్ తీసి, కాగితపు అంచును రోడ్డు మలుపు మలుపుకీ తిప్పుతూ గుర్తులు పెట్టుకుని, ఆ పొడవును అదే ప్రింట్‌లో గళ్ల వరస మీద పెట్టి చూడాలి. సెంటీమీటర్లు అసలు వాడొద్దు. ఎన్ని గళ్లయితే అన్ని కిలోమీటర్లు. మలుపులు ఎక్కువున్న ఘాట్ రోడ్డులో జవాబు కొంత తక్కువే వస్తుంది, ఎందుకంటే చిన్న మలుపులు కాగితం మీద తిన్నగా అయిపోతాయి.

కాన్సస్ నాన్న:
మా పాపకి ఇక్కడ అమెరికాలో ఇలాంటిదే వచ్చింది. యూఎస్‌జీఎస్ మ్యాప్, స్కేలు కనిపించలేదు. దాంట్లో గళ్లు కిలోమీటర్లు కావు. ఎర్ర గీతలతో సెక్షన్లు, ఒక్కో వైపు సుమారు ఒక మైలు, 36 దాకా నంబర్లు. కాంటూర్లు అడుగుల్లో. నేను మన లెక్కలో గడికి 1 కి.మీ. అనుకుని చెప్పేశాను. టీచర్ తప్పు కొట్టారు.

సర్వే తాతయ్య:
బాగా గుర్తుచేశారు. గడి అంటే 1 కి.మీ. అన్నది కళ్లు మూసుకుని నమ్మకూడదు. మన దగ్గరే పాత అంగుళం షీట్లలో, అంటే 1:63,360 వాటిలో, గ్రిడ్ గజాల్లో ఉండేది, గడికి 1000 గజాలు. అనుమానం వస్తే ఇలా చూసుకోవచ్చు. పక్క అంచులో అక్షాంశాల గుర్తులు కనిపిస్తే, 5 నిమిషాల అక్షాంశం నేల మీద సుమారు 9.2 కి.మీ. ఆ మేరకు గళ్లు లెక్కపెట్టండి. తొమ్మిదికి కాస్త పైన వస్తే కిలోమీటరు గళ్లు, పది దాటితే గజాల గళ్లు. నిలువు నొక్కుడు ఉన్నా ఇది పనిచేస్తుంది, రెండూ ఒకే దిశలో నొక్కుకుంటాయి గనుక. రేఖాంశంతో మాత్రం ఇలా చేయకండి. దాని దూరం ఊరిని బట్టి మారుతుంది. హైదరాబాద్ దగ్గర 5 నిమిషాల రేఖాంశం 8.9 కి.మీ. దాకానే ఉంటుంది.

గ్రూప్ టూ 2026:
సార్, ఇండియా మ్యాప్‌లో నదులు, డ్యాములు గుర్తుపెట్టుకోవడానికి ట్రిక్ ఏమైనా చెప్పండి. నాకు గోదావరి ఉపనదులు ఎప్పుడూ కలిసిపోతుంటాయి.

బడి మాస్టారు:
అది వేరే ప్రశ్న తమ్ముడూ, విడిగా అడుగు. ఇక్కడ కాంటూరు ప్రశ్న మిగిలిపోయింది. అమ్మగారూ, కొండ మీద లావు గీతల్లో అంకెలు ఏమైనా చదవగలుగుతున్నారా?

పదోక్లాసు అమ్మ:
300, 400 అని రెండు కనిపిస్తున్నాయండి. మధ్యలో సన్న గీతలు నాలుగు. బాబు 100ని నాలుగుతో భాగించి 25 మీటర్లు అంటున్నాడు.

బడి మాస్టారు:
మా పిల్లల్లో సగం మంది చేసేది ఇదే. గీతల్ని కాదు, ఖాళీల్ని లెక్కపెట్టాలి. నాలుగు సన్న గీతలుంటే ఖాళీలు అయిదు. 100ని అయిదుతో భాగిస్తే 20 మీటర్లు. 1:50,000 షీట్లలో మామూలుగా ఉండేదీ 20 మీటర్లే, ప్రతి అయిదో గీత లావుగా ఉంటుంది. గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన నిటారు వాలు దగ్గర లెక్కపెట్టకండి. మసక బొమ్మలో అక్కడ రెండు గీతలు ఒకటిగా కనిపిస్తాయి. వాలు తక్కువగా ఉన్న వైపు చూడండి.

పదోక్లాసు అమ్మ:
అక్కడ చూసినా నాలుగే ఉన్నాయి. సరే, ఇక వాగు. నలుపా, నీలమా తెలియడం లేదు. జూమ్ చేస్తే ఒకలాంటి బూడిదరంగు. లెజెండ్‌ను ఏదైనా యాప్‌లో షార్ప్ చేస్తే వస్తుందా?

ఫొటో స్టూడియో:
రాదండి. లెక్క చూడండి. మీ బొమ్మలో కిలోమీటరుకి 90 పిక్సెళ్లు. అదే షీటును 300 డీపీఐలో స్కాన్ చేస్తే 236 ఉంటాయి. కాగితం మీద 1.5 మి.మీ. అక్షరం మీ బొమ్మలో ఏడు పిక్సెళ్ల ఎత్తుకి కూడా రాదు. అంతలో ఇంగ్లిష్ చిన్నక్షరం అతుక్కుపోతుంది. షార్ప్ చేసినా అంచులు గట్టిపడతాయి తప్ప పోయిన అక్షరం తిరిగి రాదు. రంగుదీ ఇంకో గొడవ. జేపీజీ బొమ్మలో వెలుగు నీడలు వివరంగా ఉంటాయి కానీ రంగు వివరం మామూలుగా సగానికి తగ్గిపోతుంది. సన్నని నీలం గీత పక్క రంగుతో కలిసి బూడిదగా మారిపోతుంది. వాట్సాప్‌లో ఒకసారి అటూ ఇటూ తిరిగితే ఇంకా చెడుతుంది. టీచర్‌ని అసలు పీడీఎఫ్ అడగండి, లేదా ఫొటోను డాక్యుమెంట్‌గా పంపమనండి.

బడి మాస్టారు:
అది దొరికే లోపు ఒక పని చేయొచ్చు. అదే బొమ్మలో ఖచ్చితంగా నల్లగా ఉండాల్సిన సన్న గీత ఒకటి, రైలు మార్గమో ఊరి పేరో, ఖచ్చితంగా నీలంగా ఉండాల్సింది ఒకటి, నీళ్లున్న చెరువు అంచు లాంటిది, బాగా జూమ్ చేసి వాగు గీతతో పోల్చి చూడండి. ఆ షీట్లలో ఏడాదంతా నీరుండే వాగు నీలం, ఎండిపోయేది నలుపు. చుట్టూ కట్టలున్న చెరువులు, బావులు ఎక్కువుంటే వాగు ఎండిపోయేదని రాయొచ్చు.

సర్వే తాతయ్య:
చివరి మాటతో నాకు పేచీ ఉంది మాస్టారూ. బావులున్నంత మాత్రాన పక్క వాగు ఎండిపోతుందని ఎలా అంటాం? గోదావరి పక్క ఊళ్లలోనూ బావులు బోలెడు. రంగు తేలకపోతే, రంగు తేలలేదనే రాయడం నయం.

బడి మాస్టారు:
పరీక్షలో అలా రాస్తే మార్కు రాదు కదండీ. కారణం ఒకటి చూపించి ఏదో ఒకటి తేల్చాలి.

పదోక్లాసు అమ్మ:
పోల్చి చూశాం. రైలు గీత కంటే కొంచెం లేతగా, చెరువు అంచు కంటే ముదురుగా ఉంది! దూరం 5 కి.మీ., అంతరం 20 మీ. అని రాయించేశాను. వాగు సంగతి టీచర్‌కి మెసేజ్ పెట్టాను, పీడీఎఫ్ కూడా అడిగాను.

ప్రిపరేషన్ తమ్ముడు:
పీడీఎఫ్ వస్తే ఇక్కడ పెట్టండి అక్కా. స్కేలు ఏమిటని అడిగితే 1:50,000 అనే రాయాలా, బొమ్మలో కొలిచింది రాయాలా? 1.1 సెం.మీ.కి 1 కి.మీ. అంటే దాదాపు 1:91,000 అవుతుంది.

సర్వే తాతయ్య:
షీట్ స్కేలు అడిగితే 1:50,000. ఈ బొమ్మ స్కేలు అడిగితే, నిలువునా నొక్కేసినదానికి ఒక్క స్కేలు చెప్పలేం. ప్రశ్న మాటల్ని బట్టి చూసుకోవాలి.