ప్రారంభ నిల్వ ఉన్నప్పుడు వెయిటెడ్ యావరేజ్: 3,460తో భాగించాలా, 3,700తోనా?

బొబ్బిలి విద్యార్థిని

అందరికీ నమస్కారం. బీకాం కాస్ట్ అకౌంటింగ్‌లో ఒక లెక్క దగ్గర నాకూ, నా స్నేహితురాలికీ జవాబు కలవడం లేదు. జూట్ మిల్లులో కార్డింగ్ నుంచి స్పిన్నింగ్ వరకు ఒకే ప్రాసెస్‌గా తీసుకున్నారు. నెల మొదట్లో 400 కిలోలు అసంపూర్తిగా ఉన్నాయి. వాటిలో నార పూర్తిగా పడింది, కన్వర్షన్, అంటే నారను నూలుగా మార్చే పని, 60 శాతం జరిగింది. అప్పటికే వాటి మీద నార కింద రూ. 26,000, కన్వర్షన్ కింద రూ. 3,600 ఖర్చయ్యాయి. ఈ నెలలో కొత్తగా 3,600 కిలోలు ప్రాసెస్‌లోకి వచ్చాయి, నారకు రూ. 2,52,000, కన్వర్షన్‌కు రూ. 55,600 అయింది. నెలాఖరుకు 3,500 కిలోల నూలు పూర్తయి, 500 కిలోలు 40 శాతం పనితో మిగిలాయి. నష్టం ఏమీ లేదు.

వెయిటెడ్ యావరేజ్ పద్ధతిలో చేయమన్నారు. కన్వర్షన్‌కు నేను పూర్తయిన 3,500కు, మిగిలిన 500లో అయిన 40 శాతం పనికి సమానమైన 200 కలిపి 3,700 ఈక్వివలెంట్ యూనిట్లు వేశాను. ముందే అయిపోయిన 60 శాతం పని, అంటే 240 యూనిట్లు తీసేసి 3,460 వేయాలని స్నేహితురాలు అంటోంది. ఆ 60 శాతం అక్కరలేనిదే అయితే ప్రశ్నలో ఎందుకు ఇచ్చారు?

రాజాం గుమాస్తా

మీరు వేసిన 3,700 సరైనదేనమ్మా. వెయిటెడ్ యావరేజ్‌లో ప్రారంభ నిల్వను పట్టించుకోనక్కర లేదు. పోయిన నెల పని పోయిన నెలదే. కాబట్టి ఈ నెల ఖర్చు రూ. 55,600ను 3,700తో భాగించండి. కిలోకు రూ. 15.03 వస్తుంది, అదే జవాబు.

విజయనగరం కాస్ట్ విభాగం

గుమాస్తా గారు చెప్పినదాంట్లో మొదటి సగం నిజమే, రెండో సగంతోనే చిక్కు వస్తుంది. ఈ పద్ధతిలో వదిలేసేది ప్రారంభ నిల్వలో పని ఎంత శాతం అయిందన్న సంగతిని మాత్రమే, దాని మీద పెట్టిన డబ్బును కాదు. పోయిన నెల చేసిన పనినీ ఈ నెల చేసిన పనినీ ఒకే రాశిగా పోసి, రెండు నెలల ఖర్చునూ కలిపి, ఆ మొత్తం రాశికి సగటు ధర కట్టడమే ఇక్కడ జరుగుతోంది. అందువల్ల కింద 3,700 వేస్తే పైన రూ. 3,600, రూ. 55,600 కలిపి రూ. 59,200 వేయాలి. కన్వర్షన్ కిలోకు సరిగ్గా రూ. 16 వస్తుంది.

నారకు పూర్తయిన 3,500, మిగిలిన 500 కలిపి 4,000 యూనిట్లు, ఖర్చు రూ. 2,78,000, కిలోకు రూ. 69.50. రెండూ కలిపితే కిలో నూలు రూ. 85.50. పూర్తయిన 3,500 కిలోలకు రూ. 2,99,250 పోతుంది. మిగిలిన 500 కిలోలకు నార కింద రూ. 34,750, కన్వర్షన్ కింద 200 యూనిట్లకు రూ. 3,200, వెరసి రూ. 37,950. ఈ రెండు మొత్తాలను కలిపితే రూ. 3,37,200 అవుతుంది. ప్రాసెస్ ఖాతాలో పడిన మొత్తం ఖర్చు కూడా సరిగ్గా అంతే.

ఈ సరిచూపును ఎవరూ మానకూడదు, ఎందుకంటే తప్పు ఎక్కడ జరిగిందో కూడా అదే చెబుతుంది. మీ స్నేహితురాలు రూ. 59,200ను 3,460తో భాగిస్తే రూ. 17.11 వస్తుంది. ఆ ధరతో పూర్తయిన సరుకుకూ మిగిలిన సరుకుకూ పంచితే మొత్తం రూ. 63,306 అవుతుంది. రూ. 4,106 ఎక్కువ తేలింది కదా, అది 240ని ఆ ధరతో గుణిస్తే వచ్చే మొత్తమే. యూనిట్లు ఈ నెల పనిని మాత్రమే లెక్కించే ఫిఫో పద్ధతివి, ఖర్చు వెయిటెడ్ యావరేజ్‌ది తీసుకున్నారని ఆ తేడాయే పట్టి ఇస్తుంది. గుమాస్తా గారి రూ. 15.03తో పంచితే సరిగ్గా రూ. 3,600 ఎవరి ఖాతాలోనూ పడకుండా మిగిలిపోతుంది, అదే ప్రారంభ నిల్వ మీది పాత కన్వర్షన్ ఖర్చు.

ఇక ఆ 60 శాతం ఎందుకిచ్చారంటే, అదే లెక్కను ఫిఫోలో చేయమంటే అది కావాలి. అప్పుడు రూ. 55,600ను 3,460తో భాగించాలి, రూ. 16.07 వస్తుంది.

రాజాం గుమాస్తా

ఆ రూ. 3,600 మిగిలిపోతుందన్న మాట ఒప్పుకుంటున్నాను. అయితే రూ. 16కూ రూ. 16.07కూ పెద్ద తేడా లేనప్పుడు రెండు పద్ధతులు ఎందుకన్నది నా సందేహం.

విజయనగరం కాస్ట్ విభాగం

నార దగ్గర చూడండి. పాత నిల్వలో నార కిలో రూ. 65, ఈ నెల రూ. 70. సగటు కడితే రూ. 69.50 కనబడుతుంది. నిల్వ ఇంత చిన్నది కాబట్టి అర్ధ రూపాయే కప్పుకుపోయింది. ప్రారంభ నిల్వ పెద్దదై, నార ధర ఒక్కసారిగా పెరిగిన నెలలో, ఈ నెల నిజంగా ఎంత పెట్టి నూలు తీశామన్నది సగటులో కనబడదు. ఖర్చు అదుపు కోసం చూసేవారికి ఫిఫో అందుకే నచ్చుతుంది.

స్పిన్నింగ్ షిఫ్ట్ ఇన్‌చార్జి

నాది లెక్కల ఉద్యోగం కాదు, కానీ ఆ 40 శాతం ఎవరు చెప్పారన్నది నా ప్రశ్న. నెలాఖరు రాత్రి కార్డింగ్ దగ్గర క్యాన్లలో స్లివర్ ఉంటుంది, డ్రాయింగ్ ఫ్రేముల దగ్గర కొంత ఉంటుంది, స్పిన్నింగ్ ఫ్రేముల మీద సగం నిండిన బాబిన్లు ఉంటాయి. ఆఫీసు నుంచి ఫోను చేసి ఎంత అయిందని అడిగితే మేము సగమో, కాస్త తక్కువో అని చెప్పేస్తాం.

విజయనగరం కాస్ట్ విభాగం

అసలు అడగవలసిన ప్రశ్న ఇదేనండి. ఒక్క అంకె అడగకుండా, దశల వారీగా తూకం వేయించాలి. ఉదాహరణకు ఆ 500 కిలోలలో కార్డింగ్ దగ్గర 250 కిలోలు 20 శాతంతో, డ్రాయింగ్‌లో 150 కిలోలు 40 శాతంతో, ఫ్రేముల మీద 100 కిలోలు 90 శాతంతో ఉన్నాయనుకుంటే 50, 60, 90 కలిసి 200 యూనిట్లు అవుతాయి. ప్రశ్నలోని 40 శాతం అలా వచ్చినదే అనుకోవచ్చు.

అదే మీరు ఫోనులో 60 శాతం అంటే యూనిట్లు 3,800 అవుతాయి, ధర రూ. 15.58కి దిగుతుంది, మిగిలిన సరుకు మీద కన్వర్షన్ రూ. 3,200 బదులు రూ. 4,674 కూర్చుంటుంది. దాదాపు రూ. 1,474 పూర్తయిన నూలు మీద నుంచి నిల్వలోకి జరిగి, ఆ నెల లాభం ఎక్కువగా కనబడవచ్చు. బాధాకరమైన సంగతేమిటంటే మొత్తం అప్పటికీ రూ. 3,37,200కే సరిపోతుంది. ఇందాకటి సరిచూపు ఈ తప్పును పట్టలేదు.

పలాస జీడి బట్టీ

మాది జీడిపప్పు పని. మా దగ్గర పిక్కలు కాల్చి, కొట్టి, పప్పు తీసి, పొట్టు ఒలిచే సరికి తూకం బాగా తగ్గిపోతుంది. పైగా ప్రారంభ నిల్వకు ఒక్క మొత్తమే పుస్తకంలో ఉంది, పిక్కలకెంత, కూలికెంత అని విడిగా రాయలేదు. మేము కూడా కిలోల్లోనే ఇలా చేసుకోవచ్చా?

విజయనగరం కాస్ట్ విభాగం

లోపలికి పిక్కల కిలోలు, బయటికి పప్పు కిలోలు వేస్తే యూనిట్లు కలవవు. ముందు అంతా ఒకే కొలతలోకి మార్చుకోండి. పెంకు సాధారణ నష్టం కాబట్టి దానికి యూనిట్లు వేయకుండా, అది అమ్మగా వచ్చిన డబ్బును పిక్కల ఖర్చులోంచి తీసేయండి. ప్రారంభ నిల్వ విభజన పోయిన నెల ముగింపు నిల్వ లెక్కలోనే ఉండాలి, అది వెతకండి.

పలాస జీడి బట్టీ

పోయిన నెల ఆ లెక్క ఎవరూ కట్టలేదండి. మరి మాకు అప్పటి శాతాలు కావలసి వస్తాయి కదా? పొట్టు ఒలిచే దగ్గర ఎంత పని అయిందని ఏ కొలతతో చెప్పాలి?

బొబ్బిలి విద్యార్థిని

చాలా కృతజ్ఞతలు సార్. అయితే వెయిటెడ్ యావరేజ్‌లో కూడా ప్రారంభ నిల్వ ఖర్చు విడిగా ఇవ్వకపోతే దాన్ని విడదీయడానికి ఆ 60 శాతం కూడా కావలసి వస్తుందన్నమాట. పలాస వారి ప్రశ్నకు ఎవరైనా జీడి పని తెలిసినవారు జవాబు రాస్తే నేనూ చదువుతాను.