నాన్న ఫోన్‌లో ఫార్వర్డ్ వీడియోలన్నీ ఒకేసారి తీసేయాలా, చూసి తీసేయాలా?

కేఆర్ పురం వాసి: నాన్న మాతోనే బెంగళూరులో ఉంటున్నారు. ఆయనది 64 జీబీ ఆండ్రాయిడ్ ఫోన్. నిండిపోయి ఫోటో కూడా తీయనివ్వట్లేదు. వాట్సాప్ ఒక్కటే 21 జీబీ. ఫార్వర్డ్ వీడియోలు ఒక్క దెబ్బతో తీసేయొచ్చా? అద్దె అగ్రిమెంట్, ఆస్పత్రి రిపోర్టులు, పొలం పాస్‌బుక్ ఫోటోలు కూడా అందులోనే ఉన్నాయి, అదీ టెన్షన్.

బొమ్మనహళ్ళి బాబాయ్: ఒక్కొక్కటీ చూస్తూ కూర్చుంటే సంక్రాంతికి కూడా తెమలదు బాబూ. వాట్సాప్‌లో Settings, Storage and data, Manage storage తెరువు. అక్కడ Forwarded many times అని ఒక గడి ఉంటుంది. అంతా సెలెక్ట్ చేసి తీసెయ్. అన్ని చేతులు మారి వచ్చిందంటే అది చెత్తే.

మారతహళ్ళి మాధవి: బాబాయ్ గారూ, ఆ ఒక్క మాటతోనే నాకు పేచీ. వీడియోలో ఏముందో చూసి ఆ గుర్తు వేయరు. ఐదు లేదా అంతకంటే ఎక్కువ చాట్‌ల గొలుసు దాటి వచ్చిందా అన్నదే లెక్క. మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళి వీడియో ఊరి నుంచి ఒకరి తర్వాత ఒకరు పంపుకుంటూ నా దగ్గరికి వచ్చేసరికి దానిమీద రెండు బాణాల గుర్తు పడింది. మరోపక్క, గుడ్ మార్నింగ్ వీడియోని ఎవరో గ్యాలరీలోంచి కొత్తగా పంపితే దానికి ఏ గుర్తూ ఉండదు.

కాబట్టి దాని పక్కనున్న Larger than 5 MB నుంచి మొదలుపెట్టండి. సైజు ప్రకారం పెట్టుకుంటే పెద్దవి పైకొస్తాయి. మా మామగారి ఫోన్ ఇలాగే సర్దాను. వాట్సాప్ 14 జీబీ ఉంటే అందులో 9 జీబీ రెండే గ్రూపులది: అపార్ట్‌మెంట్ గ్రూపు, రిటైరైన ఉద్యోగుల గ్రూపు. ఆ రెండింటిలో వీడియోలు తీసేస్తేనే ఫోన్‌కి ఊపిరి వచ్చింది, మిగతా చాట్‌లు ముట్టుకోలేదు.

మీరు భయపడే కాగితాలు చాలావరకు చిన్నవి. రిపోర్టు పీడీఎఫ్, పాస్‌బుక్ ఫోటో 5 ఎంబీ లోపే ఉంటాయి, వాటిని తీసినా వచ్చే చోటు లేదు. ముప్పై పేజీలు స్కాన్ చేసిన దస్తావేజు మాత్రం ఆ పెద్దవాటి జాబితాలోకి వస్తుంది. అందుకే అక్కడ సెలెక్ట్ ఆల్ కొట్టొద్దంటున్నాను.

జయనగర్ జగ్గు: ఇంత కష్టం ఎందుకు బ్రో? గ్యాలరీలో వాట్సాప్ వీడియో ఫోల్డర్ తెరిచి అన్నీ డిలీట్ చెయ్. నేనెప్పుడూ అంతే. ఎలాగూ బ్యాకప్ డ్రైవ్‌లో ఉంటుంది కదా.

మారతహళ్ళి మాధవి: సగం నిజం జగ్గూ. ఫైలు పోతుంది, నిజమే. కానీ చాలా ఫోన్లలో అది ముందు ట్రాష్‌లోకి వెళ్తుంది. అది ఖాళీ చేసేదాకా చోటు రాదు, "ఇంత తీసినా నిండుగానే ఉందేంటి" అనిపించేది అందుకే. ఆ ఫోల్డర్ గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అవుతుంటే, ఆ యాప్‌లో డిలీట్ కొడితే గూగుల్ అకౌంట్‌లో ఉన్న కాపీ కూడా పోతుంది.

ఇక వాట్సాప్ బ్యాకప్ సంగతి. వీడియోలు కూడా చేర్చాలని మనం ఆన్ చేస్తే తప్ప అందులో ఉండవు. పైగా ఈరోజు తీసేసినది రాత్రి జరిగే కొత్త బ్యాకప్‌లో ఉండదు. దాన్ని బీరువా అనుకుంటే మోసపోతాం.

వేళచ్చేరి వెంకట్: చెన్నై నుంచి. నాకూ ఇదే బాధ, స్టోరేజ్ ఫుల్ అని మెయిల్ వచ్చింది. వాట్సాప్ వీడియోలన్నీ తీసినా ఆ మెయిల్ ఆగట్లేదు.

మారతహళ్ళి మాధవి: వెంకట్ గారూ, మీది వేరే సమస్య. ఆ మెయిల్ మీ గూగుల్ అకౌంట్‌లోని 15 జీబీ గురించి, ఫోన్ గురించి కాదు. జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడింటికీ అదొక్కటే. ఏది ఎక్కువ తింటోందో అక్కడే చూడండి.

కేఆర్ పురం వాసి: మరి కాగితాలు ముందే ఎలా పక్కన పెట్టాలి మేడం? స్టార్ వేస్తే చాలా?

మారతహళ్ళి మాధవి: Clear chat చేసేటప్పుడు, స్టార్ వేసినవి కూడా తీసేయమనే టిక్కు తీసేస్తే అవి మిగులుతాయి. కానీ ఫైల్ మేనేజర్‌లోంచి తీసేవాడికి స్టార్ కనపడదు. కాపీ చేయడమే నయం. ఫైల్ మేనేజర్‌లో ఈ ఫోల్డర్ తెరవండి:

```
Android/media/com.whatsapp/WhatsApp/Media/WhatsApp Documents
```

కావలసినవి ఎంచి, ఫోన్ Documents ఫోల్డర్‌లోకి కాపీ కొట్టండి. మూవ్ వద్దు, మూవ్ చేస్తే చాట్‌లో నొక్కినప్పుడు ఫైలు తెరుచుకోదు. ఫోటోలు పక్కనే WhatsApp Images‌లో ఉంటాయి. కాపీ అయ్యాక అక్కడి నుంచి ఒక్కసారి తెరిచి చూడండి, ఆ తర్వాతే వీడియోల పని. కాపీకి కూడా చోటు లేదంటే, కచ్చితంగా చెత్త అని తెలిసిన పెద్ద వీడియోలు రెండు మూడు ముందు తీసేయండి.

బొమ్మనహళ్ళి బాబాయ్: కాగితాలు పక్కన పెట్టాక నేను చెప్పినట్టు అంతా ఊడ్చేస్తే ఏం పోయింది? పెళ్ళి వీడియో కావాలంటే పెద్దమ్మనే మళ్ళీ పంపమనొచ్చు.

మారతహళ్ళి మాధవి: పెద్దమ్మ ఫోన్ కూడా ఈపాటికి ఎవరో ఊడ్చేసి ఉంటారు బాబాయ్ గారూ!

కేఆర్ పురం వాసి: ఆదివారం నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని చేస్తా. ఆయన భజన వీడియోలు ఒక్కటీ తీయనివ్వరు, అదింకో పంచాయితీ.