రామప్ప గుడి: 1213 మొదలుపెట్టిన ఏడా, పూర్తయిన ఏడా?

ములుగు బస్సు:
పోయిన వారం పాలంపేట వెళ్లొచ్చాం. గైడేమో "నలభై ఏళ్లు కట్టారు, 1213లో పూర్తయింది" అన్నాడు. ఇంటికొచ్చి యునెస్కో పేజీ చూస్తే 1213లో మొదలైంది, ఆ తర్వాత నలభై ఏళ్లు సాగిందంటారు అని ఉంది. ఆధారమేమిటని అడిగితే అందరూ ఆ గుడి శాసనమే చూపిస్తారు. అసలు అందులో ఏముంది?

సివిల్ సుబ్బు:
గైడ్ చెప్పిందే నిజం. అంత గట్టి రాతిని అద్దంలా నునుపు చేసి, పైన నీళ్లలో తేలే ఇటుకలతో శిఖరం లేపాలంటే నలభై ఏళ్లు పట్టవా? ఇవాళ మా సైట్‌లో నాలుగంతస్తులకే మూడేళ్లు పడుతోంది. 1213లోంచి నలభై తీసేయండి, 1173. లెక్క సరిపోయింది.

పాత పలక:
సుబ్బు గారూ, లెక్క సరిపోయింది కానీ ఆ నలభై ఎక్కడిది? శాసనంలో నలభై అన్న మాటే లేదు. రామప్ప అనే శిల్పి పేరూ లేదు, అది జనం నోట నిలిచిన కథ.

ఉన్నది ఇది. గుడి ఆవరణలోనే చిన్న మండపంలో ఒక రాతి స్తంభం నిలబెట్టి ఉంటుంది. దాని మీద సంస్కృత శ్లోకాల్లో ముందు కాకతీయ రాజుల వంశం, తర్వాత రేచర్ల వారి వంశం చెప్పి, రేచర్ల రుద్రుడు తన పేరు మీద రుద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించి, స్వామి సేవలకు భూములిచ్చాడని చెబుతారు. తేదీ శక సంవత్సరం 1135, శ్రీముఖ, చైత్ర శుద్ధ అష్టమి, ఆదివారం, పుష్యమి నక్షత్రం. అంటే 1213 మార్చి 31.

క్రియ గమనించండి. "ప్రతిష్ఠించాడు" అనే చెప్పారు. మొదలుపెట్టాడనీ లేదు, పూర్తి చేశాడనీ లేదు. గర్భగుడి సిద్ధమై, లింగం పెట్టి పూజ మొదలైన రోజు అది. ఆ రోజుకి శిఖరం ఉందా, ముందున్న మండపం పైకప్పు పడిందా, బయటి గోడల మీది ఏనుగుల వరుస చెక్కారా, ఇవేవీ శాసనం చెప్పదు. అయోధ్యలో 2024 జనవరిలో ప్రతిష్ఠ జరిగింది, శిఖరం పని ఆ తర్వాత కూడా నడిచింది. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత ఎవరైనా ఆ ప్రతిష్ఠ తేదీ ఒక్కటే చదివి "2024లో గుడి పూర్తయింది" అంటే ఎంత నిజమో, ఇదీ అంతే.

ములుగు బస్సు:
అంటే గైడ్, యునెస్కో ఇద్దరూ తప్పేనా? ఆ తేదీని మనం నమ్మొచ్చా? తర్వాత ఎవరో కల్పించి చెక్కించారేమో.

పాత పలక:
మంచి అనుమానం. శక సంవత్సరం ఒక్కటే ఉండుంటే పరీక్షించడానికి ఏమీ ఉండేది కాదు. ఇక్కడ ఐదు ముక్కలున్నాయి, ఒకదాన్ని మరొకటి పట్టిస్తుంది. ఇంట్లో కూర్చుని మీరే చూడొచ్చు.

1135కి 78 కలిపితే 1213. ఆ ఏడు శ్రీముఖ అవునా? మొన్నటి శ్రీముఖ 1993 ఉగాదికి వచ్చింది. 1993లోంచి 1213 తీస్తే 780, సరిగ్గా పదమూడు అరవైలు. కలిసింది. ఇక వారం. పాత జూలియన్ క్యాలెండర్ ప్రకారం 1213 మార్చి 31 ఆదివారమే. మన మామూలు క్యాలెండర్‌ను వెనక్కి జరిపి చూస్తే ఏడు రోజుల తేడా వచ్చి తేదీ ఏప్రిల్ 7 అవుతుంది, కంగారు పడకండి. చైత్ర శుద్ధ అష్టమికి చంద్రుడు పునర్వసు, పుష్యమి దగ్గరే ఉంటాడు. శ్రీరామనవమి ముందు రోజు కదా, ఏ ఏడాది పంచాంగంలోనైనా చూసుకోవచ్చు.

వందల ఏళ్ల తర్వాత కల్పించి రాసేవాడు శకం, సంవత్సరం పేరు కుదుర్చుకోగలడు. వారం, తిథి, నక్షత్రం మూడూ కుదరడం కష్టం. దొంగ శాసనాలు ఎక్కువగా దొరికిపోయేది అక్కడే.

సివిల్ సుబ్బు:
78 కలిపితే చాలన్నమాట. ఇంత సులువైతే వేయిస్తంభాల గుడికి 1162 అని కొందరు, 1163 అని కొందరు ఎందుకు రాస్తారు?

పాత పలక:
ఎప్పుడూ 78 చాలదు. హనుమకొండ శాసనం శక 1084, చిత్రభాను, మాఘ శుద్ధ త్రయోదశి. మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది, కాబట్టి 79 కలపాలి. అది 1163 జనవరి. మాసం చూడకుండా 78 కలిపినవాళ్లు 1162 అంటారు.

లిపి పిచ్చోడు:
నమస్తే మాస్టారూ, నేను చరిత్ర పీజీ చేస్తున్నా. మీరు హనుమకొండ అన్నారు కాబట్టి అడుగుతున్నా. యునెస్కో వాళ్ల వివరణలో రామప్ప గుడిని రుద్రదేవుడు, రేచర్ల రుద్రుడు అనే "పాలకుల" హయాంలో కట్టారని ఉంది. పక్క వాక్యంలోనే 1213లో మొదలైందనీ ఉంది. కానీ కాకతి రుద్రదేవుడు 1195 ప్రాంతంలోనే దేవగిరి యాదవ రాజులతో యుద్ధంలో పోయాడు కదా? 1213లో రాజు గణపతిదేవుడు. రెండు వాక్యాలూ ఒకేసారి నిజం కాలేవు.

పాత పలక:
శభాష్ తమ్ముడూ. ఇద్దరు రుద్రులను కలిపేస్తే వచ్చే చిక్కు ఇది. హనుమకొండలో రుద్రదేవ మహారాజు పెట్టిన దేవుడు రుద్రేశ్వరుడు. పాలంపేటలో రేచర్ల రుద్రుడు పెట్టిన దేవుడూ రుద్రేశ్వరుడే. కట్టించినవాడి పేరుకి ఈశ్వర చేర్చడం అప్పటి అలవాటు, కాబట్టి దేవుడి పేరు చూసి పోషకుణ్ణి పట్టేయొచ్చనుకుంటాం. ఇక్కడ అదే తప్పుదారి పట్టించింది.

రేచర్ల రుద్రుడు రాజు కాదు, సేనాని. రుద్రదేవుడి తర్వాత రాజైన తమ్ముడు మహాదేవుడు చనిపోయి, ఆయన కొడుకు గణపతిదేవుడు యాదవుల చెరలో ఉన్నప్పుడు రాజ్యం చెదిరిపోకుండా కాసినవాడు. పోషకుడెవరో తేల్చాలంటే శాసనంలో ముందొచ్చే పేర్లు కాదు, "ప్రతిష్ఠించాడు", "ఇచ్చాడు" అనే క్రియలకు కర్త ఎవరో వెతకాలి. రాజుల వంశం ముందు చెప్పడం మర్యాద. దాన్ని చదివి "కాకతీయ చక్రవర్తి కట్టించాడు" అని బోర్డులు రాసేస్తారు. పైసలు పెట్టింది సామంతుడు, పేరొచ్చింది రాజుకి!

లిపి పిచ్చోడు:
ఒక్క చోట మాత్రం మీతో ఒప్పుకోలేను. ఆ శాసనం గోడ మీద లేదు, విడిగా నిలబెట్టిన స్తంభం. అంత పొడవైన ప్రశస్తి కవితో రాయించి, ప్రత్యేకంగా రాయి నునుపు చేయించి, చెక్కించారంటే గుడి దాదాపు పూర్తయ్యాక చేసే పని అనిపిస్తుంది. సగం కట్టిన గుడి ముందు అంత ఘనంగా చెప్పుకుంటారా? కాబట్టి 1213 పూర్తయిన ఏడుకి దగ్గర అని నా వాదన.

పాత పలక:
కావచ్చు. కానీ దానశాసనానికి తొందర ఉంటుంది బాబూ. భూములిచ్చాక రాతి మీద పడకపోతే రేపు పొలం ఎవరిదో గొడవ. గుడి పూర్తయ్యే దాకా ఆగరు. పైగా రాతి మీద ఉన్నది దానం జరిగిన తేదీ, చెక్కిన తేదీ కాదు. ఆ స్తంభం రెండేళ్ల తర్వాత నిలబెట్టినా అందులో 1213 అనే ఉంటుంది. నీ వాదన కొట్టిపారేయలేను, ఒప్పుకోనూ లేను.

సివిల్ సుబ్బు:
ఇంత గొడవెందుకు, శిఖరం ఇటుకని ల్యాబ్‌కి పంపితే కాల్చిన ఏడు చెప్పేస్తారు. థర్మోల్యూమినిసెన్స్ అని ఉంది.

లిపి పిచ్చోడు:
ఉంది సార్, కానీ దాంట్లో మామూలుగా ఐదు నుంచి పది శాతం తేడా ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్ల ఇటుకకి అటో ఇటో నలభై నుంచి ఎనభై ఏళ్లు. మనం కొట్టుకుంటున్నదే నలభై ఏళ్ల గురించి!

గోదారి గట్టు:
అన్నయ్యగారూ, మధ్యలో వస్తున్నా ఏమీ అనుకోకండి. మాది బిక్కవోలు దగ్గర పల్లెటూరు. మా శివాలయం తూర్పు చాళుక్యుల విజయాదిత్యుడు కట్టించిన 108 గుళ్లలో ఒకటని మా తాతగారు చెప్పేవారు, రాగిరేకుల్లో ఉందట. రాగిరేకు రాజముద్రతో ఉంటుంది, గోడ మీది రాతల కంటే గట్టి సాక్ష్యం కదా? మా గుడి గోడలో కూడా ఒక అక్షరాల రాయి ఉంది, తలకిందులుగా. ఈ నెలలో కమిటీ వాళ్లు రంగు వేయిస్తారట, టెన్షన్‌గా ఉంది.

పాత పలక:
అమ్మా, రాగిరేకులు ఆ రాజు గురించి 108 యుద్ధాలు చేశాడనీ, 108 శివాలయాలు కట్టించాడనీ చెప్పే మాట నిజమే. కానీ అది ఎక్కువగా ఆయన తర్వాతి రాజుల రేకుల్లోని వంశ ప్రశస్తిలో వస్తుంది. ఒక రేకులోని ప్రశస్తిని ఇంకో రేకులోకి ఎత్తి రాసుకుంటూ పోయారు. అదే రాజు ఎన్నేళ్లు ఏలాడో చూడండి: ఒక రేకులో 40, ఇంకోదాంట్లో 44, మరోదాంట్లో 48. ముద్ర ఉన్నంత మాత్రాన లోపలి అంకెలు గట్టివి కావు. ఆ 108 ఊళ్ల జాబితా ఎక్కడా లేదు, కాబట్టి మీ ఊరు అందులో ఉందనీ, లేదనీ ఎవరూ చూపించలేరు. రేకు ఏ ఊరిని ఎవరికి ఇచ్చారో, సరిహద్దులు ఏమిటో చెప్పడంలో గట్టిది. చేతులు మారి ఎక్కడో పొలంలో బయటపడే వస్తువు, అది దొరికిన చోటికీ గుడికీ సంబంధం ఉండకపోవచ్చు.

ఇక మీ రాయి. తలకిందులుగా ఉందంటే ఆ గోడ కట్టినవాళ్లు దాన్ని చదివి పెట్టలేదు, మామూలు రాయిలా వాడేశారు. అంటే అక్షరాలు గోడ కంటే పాతవి. రాతలో ఏ తేదీ ఉన్నా అది గోడ వయసు కాదు, గోడ దానికి తర్వాతిది అనే చెప్పగలం. సింహాచలంలో 1099 నాటి కులోత్తుంగుడి శాసనం ఉంది, కానీ మనం చూస్తున్న ప్రధానాలయం 13వ శతాబ్దపు గాంగుల కట్టడం. రాయికి రెండు వైపులా పంక్తులు పక్క రాళ్ల మీదికి సాగుతున్నాయా, మధ్యలో తెగిపోయాయా చూసి చెప్పండి.

గోదారి గట్టు:
తెగిపోయాయండి. పక్క రాళ్లు నున్నగా ఉన్నాయి. కింది రెండు వరుసలు అరుగు సిమెంటులో కూరుకుపోయాయి.

పాత పలక:
రాయి తలకిందులు కాబట్టి కూరుకుపోయింది రాతలోని మొదటి వరుసలు. శకం తరచుగా అక్కడే ఉంటుంది, ఖర్మ. ముందు రంగు ఆపించండి. సుద్దముక్కతో అక్షరాలు దిద్దొద్దు, నూనె రాయొద్దు. దిద్దినవాడు తనకు తోచిన అక్షరం దిద్దుతాడు, ఆ తర్వాత ఫొటోలో అదే కనిపిస్తుంది. పొద్దు వాలాక గుడి లైటు ఆర్పి, టార్చి రాయికి పక్క నుంచి గోడకి ఆనించినట్టు పట్టుకుని ఫొటోలు తీయండి. ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి. పక్కన స్కేలు పెట్టండి. తడి కాగితంతో అచ్చు తీసే పని మాత్రం పురావస్తు శాఖ వాళ్లకే వదిలేయండి. మైసూరులో కేంద్ర శాసన విభాగం ఉంది, ఫొటోలతో ఉత్తరం రాయండి.

గోదారి గట్టు:
కమిటీ ప్రెసిడెంటు మా బాబాయే. రంగు వేసేవాళ్లు శనివారం వస్తారట, ఈ రాత్రికే టార్చి పట్టుకెళ్తా. తిరగేసిన ఫొటో పెడితే చదవగలరా, నేనే తిప్పి పెట్టనా?

లిపి పిచ్చోడు:
రెండూ పెట్టండి అక్కా. సిమెంటు అంచు కూడా ఫొటోలో పడాలి.