రేపు క్వార్టర్లీ రివ్యూలో టీమ్‌ని పరిచయం చేయాలి, నాలుగున్నర నిమిషాలు వస్తోంది. ఎలా తగ్గించాలి?

రాత్రిషిఫ్ట్ · రాత్రి 9:40
రేపు పొద్దున మా క్వార్టర్లీ రివ్యూ. పైవాళ్ల ముందు ప్రాజెక్టు టీమ్‌ని పరిచయం చేసే పని నా మీద పడింది. "పేరు, రోల్, క్లుప్తంగా చెప్పు చాలు" అన్నారు మా మేనేజర్. సాయంత్రం ఆరింటి నుంచి రాయడం, కొట్టేయడం, ఇదే పని. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని చదివితే నాలుగున్నర నిమిషాలు వస్తోంది. తగ్గిస్తే హాజరు పిలిచినట్టుంది, పెంచితే సాగదీసినట్టుంది. మంచి ఫార్మాట్ ఉంటే ఎవరైనా పెట్టండి, ప్లీజ్. ఇక నా బుర్ర పనిచేయడం లేదు.

నిశ్శబ్దం · 9:46
పేరు, పని. మనిషికి ఒక వాక్యం. అంతే.

రాత్రిషిఫ్ట్ · 9:48
అదే చేశానండి. ఆ వాక్యాలన్నీ కలిస్తేనే నాలుగున్నర.

స్లైడ్ మాస్టారు · 9:55
ముందు స్లైడ్ సంగతి చూసుకోండి. అందరి ఫొటోలూ ఒకే సైజులో, ఒకే రకం బ్యాక్‌గ్రౌండ్‌తో ఉండాలి. ఒకరిది పెళ్లి ఫొటో, ఒకరిది ఐడీ కార్డు ఫొటో పెడితే చూసేవాళ్ల కళ్లు అక్కడే ఆగిపోతాయి, మీ మాట వినరు. పేరు పెద్ద అక్షరాల్లో, రోల్ దాని కింద కాస్త చిన్నగా ఉండాలి. గదిలో చివరి కుర్చీలో కూర్చున్నవాళ్లకు కూడా కనపడాలి. ఇది చాలామంది పట్టించుకోరు, నాకు చాలా బాధగా ఉంటుంది.

మొదటి వరుస · 10:02
డైరెక్టర్ గారి పరిచయం ఎప్పుడూ వారి హోదాతో మొదలుపెట్టాలి, తర్వాత వారి విజయాలు రెండు చెప్పి వేదిక మీదికి ఆహ్వానించాలి. పోయిన ఏడాది మా వార్షికోత్సవంలో నేనే చేశాను, కావాలంటే నా స్క్రిప్ట్ పంపుతాను.

రాత్రిషిఫ్ట్ · 10:04
డైరెక్టర్‌ని కాదండి, మా టీమ్‌ని డైరెక్టర్‌కి పరిచయం చేయాలి.

పాతకాపు · 10:11
ఎంతమంది ఉన్నారు? మీ ప్రాజెక్టుకి ఇచ్చిన టైమ్ ఎంత? అందరూ గదిలోనే ఉంటారా, ఆన్‌లైన్‌లో కూడా ఉన్నారా? పరిచయం అయ్యాక స్టేటస్ చెప్పేది మీరేనా, ఇంకొకరా? ఇవేవీ మీ పోస్టులో లేవు. రాసిన దాంట్లోంచి ఓ మూడు వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు పెట్టండి.

రాత్రిషిఫ్ట్ · 10:19
సారీ, అవి చెప్పాననే అనుకున్నా. నాతో కలిపి పదకొండు మందిమి. మొత్తం స్లాట్ పదిహేను నిమిషాలు, అందులోనే స్టేటస్, బడ్జెట్, ప్రశ్నలు. నలుగురు ఆన్‌లైన్. స్టేటస్ నేనే చెప్తా. పాత బిల్లింగ్ సిస్టమ్ నుంచి కొత్తదానికి మారే ప్రాజెక్టు. పేర్లు మార్చి పెడుతున్నా:

"రమ్య సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, ఆరేళ్ల అనుభవం ఉంది, డేటా మాడ్యూల్‌లో కీలక పాత్ర పోషిస్తోంది. కిరణ్ కూడా సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, డేటా కోఆర్డినేషన్ చూస్తాడు. సుధాకర్ గారు టెక్నికల్ లీడ్, అందరికీ మార్గదర్శనం చేస్తారు."

పాతకాపు · 10:37
ఇప్పుడు అర్థమైంది. మీ వాక్యాలు పొడవు కావడం కాదు అసలు చిక్కు, అవి హోదాలు చెప్తున్నాయి, పని చెప్పట్లేదు. సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అన్నది హెచ్‌ఆర్ కాగితం మీద ఉండే మాట. వినేవాళ్లకు కావాల్సింది వేరు. ఇంకో పది నిమిషాల్లో డేటా గురించి ఒక ప్రశ్న అడగాలనిపిస్తే ఎవరి వైపు తిరగాలి? పరిచయం ఆ ఒక్కటి చెప్పగలిగితే చాలు, ఆరేళ్ల అనుభవం ఎవరికీ గుర్తుండదు.

ఇంకోటి. రమ్య డేటా, కిరణ్ డేటా కోఆర్డినేషన్ అన్నారు. ఈ రెండూ పక్కపక్కనే వింటే పైవాళ్లకు వెంటనే వచ్చే అనుమానం, ఒకే పనికి ఇద్దరెందుకని. కోఆర్డినేషన్, సపోర్ట్, మార్గదర్శనం, ఈ మూడు మాటలూ కొట్టేయండి. కొట్టేశాక ఆ మనిషి ఏం చేస్తారో మీరు చెప్పలేకపోతే, రాత్రే వాళ్లకి ఫోన్ చేసి కనుక్కోండి.

పదకొండు మందికీ పదకొండు వాక్యాలు అక్కర్లేదు. జట్లుగా కట్టండి. ఒక్కో జట్టుకి జవాబు చెప్పే మనిషి ముందు, మిగతావాళ్ల పేర్లు వెనక. ఎవరి పేరూ వదలొద్దు. జట్ల వరుస మీ స్టేటస్ స్లైడ్ల వరుసే అయ్యుండాలి, సీనియారిటీ ప్రకారం కాదు. మీ వివరాలు పూర్తిగా తెలియవు కాబట్టి ఊహించి రాస్తున్నా:

"మేం పదకొండు మందిమి, మూడు జట్లుగా పనిచేస్తున్నాం. పాత సిస్టమ్ డేటాని కొత్తదానికి తెచ్చే బాధ్యత రమ్య గారిది, ఆవిడతో కిరణ్, నజీర్ ఉన్నారు. బిల్లు లెక్క సరిగ్గా వస్తోందా అన్నదానికి సుధాకర్ గారు జవాబుదారీ, ఆయనతో మేరీ, శ్రావణి, హరి. టెస్టింగ్, యూజర్ల ట్రైనింగ్ పద్మ గారు చూస్తున్నారు, వినయ్, రేష్మ ఆవిడ జట్టు. కొత్త సిస్టమ్‌కి మారే తేదీ గురించి రమ్య గారిని అడగొచ్చు, బడ్జెట్ నన్ను అడగండి."

మామూలు వేగంతో చదివితే నాకు యాభై సెకన్లు పట్టింది. పదిహేను నిమిషాల్లో పరిచయానికి ఒక నిమిషం మించి వాడితే ప్రశ్నల టైమ్ తగ్గుతుంది.

చార్టుల్లో బతుకు · 10:45
ఇక్కడ తప్పుంది. ఏ పనికి ఎవరు బాధ్యులో చూపే రాసీ చార్ట్ ప్రకారం అకౌంటబుల్ ఒక్కరే, అది ప్రాజెక్టు మేనేజర్. సుధాకర్ జవాబుదారీ అనడం కుదరదు, ఆయన రెస్పాన్సిబుల్ మాత్రమే.

పాతకాపు · 10:52
ఒక్కరే అన్నది నిజం, కానీ ప్రాజెక్టు మొత్తానికి ఒక్కరు కాదు, ఒక్కో పనికి ఒక్కరు. బిల్లు లెక్క అనే పనికి సుధాకర్ ఉండొచ్చు.

చార్టుల్లో బతుకు · 10:55
మా దగ్గర అలా ఉండదు. పైవాళ్ల ముందు ఆ మాట వాడితే రేపు ఏదైనా తప్పు జరిగినప్పుడు ఆయన మెడకి చుట్టుకుంటుంది. ముందు ఆయన్ని అడిగారా?

పాతకాపు · 10:58
అది సరైన ప్రశ్న. రాత్రిషిఫ్ట్ గారూ, ఆ వాక్యం సుధాకర్ గారికి చదివి వినిపించండి. ఒప్పుకోకపోతే "బిల్లు లెక్క సుధాకర్ గారు చూస్తున్నారు" అని పెట్టుకోండి.

అమ్మనుడి · 11:03
నాకు వేరే విషయం కనపడింది, అందరూ దాటేశారు. మొదటి డ్రాఫ్ట్‌లో రమ్య "పోషిస్తోంది", కిరణ్ "చూస్తాడు", సుధాకర్ గారు "చేస్తారు". ఇంగ్లిష్‌లో ఈ తేడా రాదు, తెలుగులో క్రియ దగ్గరే ఎవరు పెద్ద ఎవరు చిన్న అన్నది బయటపడిపోతుంది. ఆ గదిలో కూర్చున్న రమ్యకి ఎలా ఉంటుంది? పాతకాపు గారి స్క్రిప్ట్‌లో కూడా ముగ్గురికే గారు, ఏడుగురికి ఉత్త పేరు. అందరికీ గారు పెట్టాలి.

నిశ్శబ్దం · 11:05
పది గారులు. వినలేం.

పాతకాపు · 11:10
అమ్మనుడి గారి మాట నిజమే, నేను గమనించలేదు. కానీ పది సార్లు గారు అంటే మాట బరువెక్కుతుంది. మా దగ్గర ఎవరికీ గారు పెట్టం, క్రియ మాత్రం అందరికీ "చూస్తున్నారు" అనే అంటాం. చివరికి డ్రైవర్ గురించైనా అంతే.

అమ్మనుడి · 11:14
వయసులో పెద్దవాళ్లని ఉత్త పేరుతో పైవాళ్ల ముందు పిలవడం నా నోటికి రాదు. క్రియ వరకు ఒప్పుకుంటాను.

రాత్రిషిఫ్ట్ · 11:20
క్రియ మార్చేశా. గారు సంగతి రేపు చూస్తా. సుధాకర్ గారికి ఫోన్ చేశా, ఆయన జవాబుదారీ అన్నదానికి సరే అన్నారు. ఇంకో డౌట్. మీ స్క్రిప్ట్‌లో వినయ్, రేష్మ అన్న ఇద్దరూ వెండర్ మనుషులు. కిరణ్ వేరే ప్రాజెక్టుకి కూడా పనిచేస్తున్నాడు, మాకు సగం రోజులే. ఇది చెప్పాలా?

పాతకాపు · 11:28
ఇది మొదట్లోనే చెప్పాల్సిందండి! పదకొండు అన్న అంకె పట్టుకుని మనసులో లెక్క వేసేవాళ్లు ఆ గదిలో కనీసం ఒకరుంటారు. పని ఎక్కడైనా వెనకబడి ఉంటే, పదకొండు మంది ఉండి ఎందుకు వెనకబడ్డారని అడుగుతారు. అప్పుడు కిరణ్ సగమే అని చెప్తే సాకులా వినపడుతుంది. ముందే "కిరణ్ సగం సమయం మాతో ఉంటారు" అంటే మూడు సెకన్ల పని. వెండర్ వాళ్ల విషయం పరిచయంలో చెప్పక్కర్లేదు, స్లైడ్‌లో పేరు పక్కన చిన్న గుర్తు చాలు. బడ్జెట్ స్లైడ్‌లో ఎలాగూ వస్తుంది.

స్లైడ్ మాస్టారు · 11:31
గుర్తు పెడితే కింద దాని అర్థం రాయండి. చాలామంది మర్చిపోతారు.

గోదాం · 11:36
నాకు జరిగింది చెప్తాను. పోయిన క్వార్టర్ స్లైడ్ కాపీ చేసి వాడాం. అందులో నెల కిందట మానేసిన టెస్టింగ్ లీడ్ పేరు అలాగే ఉంది. ప్రెసిడెంట్ గారు స్క్రీన్ చూసి ఆ పేరు పెట్టి పిలిచారు. ఎవరూ లేచి నిలబడలేదు. తర్వాత మేం చెప్పిన ప్రతి అంకెనీ రెండుసార్లు అడిగారు. ఆ సీటు ఖాళీగా ఉందన్న సంగతి మేం దాచాం అనుకున్నారు, నిజంగా మర్చిపోయాం అంతే. ఖాళీ ఉంటే పరిచయంలోనే చెప్పేయండి.

చార్టుల్లో బతుకు · 11:40
ఖాళీలు రిస్కుల స్లైడ్‌లో పెట్టాలి, పరిచయంలో కాదు. పరిచయం చేస్తూ లోటు చెప్పుకుంటామా?

గోదాం · 11:42
అనుభవించినవాణ్ణి చెప్తున్నా.

పాతకాపు · 11:47
అది ఆ పైవాళ్లని బట్టి ఉంటుంది, రెండు రకాలూ చూశాను. ఆన్‌లైన్ వాళ్ల గురించి ఒక్క మాట చెప్పి పడుకుంటా. వాళ్ల చేత మాట్లాడించకండి. మ్యూట్ తీయడం, "వినపడుతోందా" అనడం, నలుగురికీ కలిపి నిమిషం పోతుంది. మీరు పేరు చెప్పినప్పుడు కెమెరాలో చెయ్యి ఊపితే చాలు. పొద్దున్నే స్క్రీన్ మీద వాళ్ల పేర్లు ఎలా కనపడుతున్నాయో చూడండి. మీరు రేష్మ అంటుంటే అక్కడ `iPhone` అని ఉంటే ఎవరో తెలియదు.

రాత్రిషిఫ్ట్ · మర్నాడు మధ్యాహ్నం 1:15
అయిపోయిందండి. యాభై అయిదు సెకన్లు పట్టింది. తేదీ గురించి డైరెక్టర్ నన్ను అడగకుండా నేరుగా రమ్య వైపు తిరిగి అడిగారు, ఆవిడ చెప్పారు. హరి పేరు దాటేశాను, స్టేటస్ మధ్యలో గుర్తొచ్చి చెప్పా. అతని ముఖం చూస్తే చాలా బాధేసింది. మీటింగ్ అయ్యాక వెళ్లి కలిశా. అందరికీ థాంక్స్, మళ్లీ మీటింగ్ ఉంది.

అమ్మనుడి · 1:30
గారు పెట్టారా లేదా?

గోదాం · 4:05
కిరణ్ సగం అని చెప్పారా? ఏమన్నారు?