రాత్రి చదువుకు ప్రతి పేజీకీ పూర్తి రిఫ్రెష్ అవసరమా?

మారతహళ్లి పాఠకుడు: బెంగళూరులో మాది ఒకే పడకగది ఇల్లు. పాప నిద్రపోయాక దీపం ఆర్పి, ఇ-ఇంక్ రీడర్‌లో పాత తెలుగు నవలల స్కాన్ పీడీఎఫ్‌లు చదువుతాను. ప్రతి పేజీకీ రిఫ్రెష్ పెడితే తెర నల్లబడి మళ్లీ వెలగడం గోడ మీద కనిపిస్తోంది, పాప కదులుతోంది. తీసేస్తే పాత అక్షరాలు నీడలా మిగులుతున్నాయి. ఏది మేలు? పసుపు కాంతి ఎంత ఉండాలి?

పుస్తకాల పురుగు: ప్రతి పేజీకీ ఉంచడమే మేలని నా అభిప్రాయం. నీడలను అలాగే వదిలేస్తే అవి క్రమంగా తెరలో పాతుకుపోతాయి. పసుపు కాంతిని పూర్తిగా పెంచండి. ఇలాంటి పరికరాలు నిద్రను చెడగొడతాయని పరిశోధనలోనే తేలింది కదా.

గాజుతెర: పై సమాధానంలో సగం మాత్రమే సరైనది. తెర లోపలి ద్రవంలో నల్లని, తెల్లని రేణువులు ఉంటాయి. విద్యుత్తు దిశను బట్టి అవి పైకో కిందికో కదులుతాయి. మామూలుగా పేజీ తిప్పినప్పుడు పరికరం వాటిని పొదుపుగా కదిలిస్తుంది కాబట్టి కొన్ని రేణువులు గమ్యం చేరకుండా ఆగిపోతాయి, మనకు కనిపించే నీడ అదే. పూర్తి రిఫ్రెష్ వాటన్నిటినీ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించి సరిచేస్తుంది. పది పేజీల నీడ అయినా ఒక్క రిఫ్రెష్‌తో పోతుంది గనుక, పాతుకుపోతుందన్న భయం అక్కరలేదు.

అయితే మీరు చదివేవి స్కాన్‌లు అన్నారు కనుక, ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. నీడ కనిపించే పేజీ మీద ఉండగానే ఒకసారి పూర్తి రిఫ్రెష్ చేసి చూడండి. నీడ పోతే అది తెరది. పోకుండా, అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటే, అది పలుచని పాత కాగితం వెనక పేజీ ముద్రణ స్కాన్‌లోకి దిగినది. దానిని ఏ రిఫ్రెష్ కూడా తీయలేదు. పీడీఎఫ్ కాంట్రాస్ట్ పెంచితే లేత బూడిద రంగు తెల్లబడి చాలావరకు మాయమవుతుంది. మన లిపిలో ఈ చిక్కు మరీ ఎక్కువ, ఎందుకంటే వరుసల మధ్య పడిన మరక ఒత్తులా కనిపించి పదాన్నే మార్చేస్తుంది.

మైలాపూరు వాసి: నేను చెన్నైలో రాత్రిపూట డార్క్ మోడ్ వాడతాను. నల్లని పేజీ మీద తెల్లని అక్షరాలు ఉంటే గదిలోకి వెలుతురే రాదు. మీరూ అలాగే చేస్తే రిఫ్రెష్ ప్రసక్తే ఉండదు కదా?

గాజుతెర: వెలుతురు తగ్గుతుందన్నది నిజమే. కానీ విశాలమైన నల్లని నేల మీద పాత తెల్లని అక్షరాల నీడ మరింత తేలికగా కంటికి తగులుతుంది, పైగా రిఫ్రెష్ జరిగినప్పుడు చీకటి పేజీ ఒక్కసారిగా తెల్లగా మెరుస్తుంది. పాప ఉన్న గదిలో అది మరీ ఇబ్బంది. స్కాన్ పేజీల రంగులను తారుమారు చేస్తే కాగితపు మచ్చలు కూడా తెల్లగా బయటపడతాయి.

పుస్తకాల పురుగు: నీడల విషయం ఒప్పుకుంటాను. మరి పరిశోధన మాటేమిటి?

గాజుతెర: మీరు తలచుకున్నది 2014 చివర పీఎన్‌ఏఎస్ అనే శాస్త్ర పత్రికలో వచ్చిన అధ్యయనమైతే, అందులో 12 మంది పడుకోబోయే ముందు నాలుగు గంటలపాటు చదివినది పూర్తి వెలుగులో ఉంచిన టాబ్లెట్ మీద, ముద్రిత పుస్తకంతో పోలిస్తే వారికి నిద్ర పట్టడం సుమారు 10 నిమిషాలు ఆలస్యమైంది. ఇ-ఇంక్ పరికరంలో దీపాలు తెర అంచున ఉండి, కాంతిని పేజీ మీదికి పరుస్తాయి. ఆ ఫలితాన్ని తక్కువ వెలుగులో చదివే రీడర్‌కు నేరుగా అంటగట్టలేము. పసుపును పూర్తిగా పెంచితే కాగితం ముదురుగా, అక్షరాలు నీరసంగా కనిపించి, మనకు తెలియకుండానే వెలుగు పెంచుతాము. కాబట్టి ముందు వెలుగును అక్షరం స్పష్టంగా కనిపించే కనిష్ఠ స్థాయికి తగ్గించి, ఆ తరువాత పసుపును కంటికి నచ్చినంత కలుపుకోవడం మంచిది.

మారతహళ్లి పాఠకుడు: నిన్న రాత్రి పరీక్షించాను. నన్ను విసిగించిన ఐదు పేజీల్లో మూడింటి నీడలు రిఫ్రెష్ తరువాత కూడా పోలేదు, అక్షరాలు తిరగబడే ఉన్నాయి! కాంట్రాస్ట్ పెంచాక రెండు బాగుపడ్డాయి. మూడోదానిలో సన్నని గీతలు కూడా కరిగిపోవడంతో మళ్లీ తగ్గించాను. నా పరికరంలోని `Page Refresh` ప్రతి పేజీకీ ఉండాలా వద్దా అని మాత్రమే అడుగుతుంది, సంఖ్య ఇవ్వదు. దానిని తీసేసి, నీడ పేరుకున్నప్పుడు నేనే మెనూ తెరిచి మూస్తున్నాను, సాధారణంగా అంతటితో తెర శుభ్రపడుతోంది.

గాజుతెర: కేఓరీడర్ అనే చదివే యాప్‌లో సంఖ్య పెట్టుకోవచ్చు, అందులో మొదటి అమరిక 6 పేజీలకొకసారి. బూడిద రంగు స్కాన్‌లకు అది సరిపోతుంది. అక్షరాలే ఉన్న ఈపబ్‌కు నేను ఇంకా పెంచుతాను.

పుస్తకాల పురుగు: నాకు మాత్రం ఒక్క నీడ కనిపించినా చదువు సాగదు. నేను ప్రతి పేజీకీ ఉంచుకుంటాను, మా ఇంట్లో మేలుకునే పాప లేదు.