క్లయింట్ మీద విసుగొచ్చిందని జర్నల్‌లో రాసి ఇవ్వచ్చా?

సింధు_ట్రైనీ (విజయవాడ)

కౌన్సెలింగ్ కోర్సులో ప్రాక్టికల్స్ నడుస్తున్నాయి. ప్రతి సెషన్ తర్వాత రిఫ్లెక్టివ్ జర్నల్ రాసి సూపర్‌వైజర్ మేడమ్‌కి ఇవ్వాలి. దానికి మార్కులున్నాయి. తాజాగా రాసింది కింద పెడుతున్నాను, క్లయింట్ వివరాలన్నీ మార్చాను. దీన్ని ఇలాగే ఇవ్వచ్చా, విసుగు సంగతి తీసేయమంటారా?

*"ఆవిడ రావడం ఇది నాలుగోసారి. కొడుకూ కోడలూ వేరు కాపురం పెట్టినప్పటి నుంచి నిద్ర లేదంటారు. కొడుక్కి ఫోన్ చేసి మాట్లాడి చూడమన్నాను. 'అదీ అయిందమ్మా, లాభం లేదు' అన్నారు. కొన్నాళ్ళు చెల్లెలి దగ్గర ఉండి రమ్మన్నాను. అదీ అయిందన్నారు. 'నీకింకా పెళ్ళి కాలేదుగా, చెప్పినా నీకు తెలీదులే' అన్నారు. తర్వాత సాయంత్రం నడక గురించి, భజన మండలి గురించి చెప్పాను. రెంటికీ తల అడ్డంగా ఊపారు. గడియారం చూశాను. దవడ బిగుసుకుంది, మాట వేగం పెరిగింది. ఈవిడకి బాగుపడాలని లేదు, వినే మనిషి కావాలంతే అనిపించింది. టైమ్ ఇంకా ఉండగానే 'ఈ రోజుకి ఆపుదామా' అన్నాను. ఆవిడ వెంటనే లేచి వెళ్ళిపోయారు. క్లయింట్ రెసిస్టెన్స్ చూపిస్తున్నారు."*

బెజవాడ_బాబాయ్

తల్లీ, కోపం ఎవరికైనా వస్తుంది. సెషన్‌కి ముందు ఓ గ్లాసు నీళ్ళు తాగి, పది నిమిషాలు అనులోమ విలోమం చెయ్యి. మా ఆఫీసులో పెన్షన్ కౌంటర్లో కూర్చున్నన్నాళ్ళూ నేను చేసింది అదే.

రవికిరణ్_సైకాలజీ

బాబాయ్ గారూ, ఆవిడ అడిగింది కోపం తగ్గించుకోవడం గురించి కాదు.

సింధు గారూ, కార్ల్ రోజర్స్ 1957లో రాసిన షరతులు మీరు చదివే ఉంటారు. క్లయింట్‌ని ఏ షరతూ లేకుండా గౌరవంగా స్వీకరించాలి. 'ఈవిడకి బాగుపడాలని లేదు' అనుకున్న క్షణంలోనే ఆ షరతు పోయింది. అది మీ శిక్షణలో ఉన్న లోపం. దిద్దుకోండి, కానీ రాసి చేతికిస్తే మార్కులు పోతాయి. అప్పుడు సూపర్‌వైజర్‌ని అని లాభం లేదు.

మిర్చియార్డ్_శీను

నేను కుర్చీకి అవతలి వైపు కూర్చున్నవాణ్ణి. నాన్న పోయాక గుంటూరులో ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాను. నేను మాట్లాడుతుంటే ఆయన వాచీ చూసుకున్నాడు. డబ్బులిచ్చి బయటికొచ్చేశాను, మళ్ళీ ఆ వీధిలోకి వెళ్ళలేదు. ఆవిడ వెంటనే లేచిపోయారని మీరే రాశారు. ఎందుకు లేచారో నాకు తెలుసు. జర్నల్ గొడవ తర్వాత, ముందు గడియారం చూడటం మానండి.

పద్మజ_అరండల్‌పేట

నేను చాలా కాలంగా ట్రైనీల జర్నల్స్ చదువుతున్నాను. నన్నడిగితే ఇందులో తీసేయాల్సింది విసుగు కాదు, ఆఖరి వాక్యం.

'రెసిస్టెన్స్ చూపిస్తున్నారు' అని రాయగానే తప్పంతా ఆవిడ వైపు జరిగిపోయింది. పైనున్న వాక్యాలు చూస్తే కథ వేరేలా ఉంది. మీరు సలహా ఇచ్చారు, ఆవిడ వద్దన్నారు. ఇంకోటి ఇచ్చారు, అదీ వద్దన్నారు. మొత్తం నాలుగు ఇచ్చారు. నిద్ర పట్టని రాత్రి ఎలా గడుస్తోందని ఆ సెషన్లో ఎక్కడైనా అడిగారా? ఎంట్రీలో అయితే లేదు. సలహా తీసుకోకపోతే మొండితనం అంటాం గానీ, ఆవిడ సలహా కోసమే వచ్చారని మనకి ఎవరు చెప్పారు?

ఇంకోటి, విసుగు ఎప్పుడు మొదలైందో వరస చూడండి. మొదటి రెండుసార్లు 'అదీ అయింది' అన్నప్పుడు మీకేమీ కాలేదు. దవడ బిగుసుకున్నది 'నీకింకా పెళ్ళి కాలేదుగా' అన్న తర్వాత. ఆ మాటని మీరు ఎంట్రీలో అలా దాటించేశారు. నేను మీ సూపర్‌వైజర్‌నైతే పెన్నుతో గీసేది ఆ వాక్యం కిందే.

శీను గారూ, గడియారం చూడకుండా సెషన్ నడపడం కుదరదండీ, తర్వాత మనిషి బయట కూర్చుని ఉంటారు. అందుకే దాన్ని క్లయింట్ కుర్చీ వెనక గోడకి, మన కళ్ళకి ఎదురుగా పెట్టుకుంటాం. చూపు పక్కకి తిప్పక్కర్లేదు.

మిర్చియార్డ్_శీను

అంటే చూడండి, కానీ దొరక్కుండా చూడండి అంటున్నారు. బాగుంది మేడమ్.

రవికిరణ్_సైకాలజీ

మేడమ్, మీరు విసుగుని సమర్థిస్తున్నారు. రోజర్స్ చెప్పింది చాలా స్పష్టంగా ఉంది.

పద్మజ_అరండల్‌పేట

రవి గారూ, ఆయన అదే జాబితాలో ఇంకో షరతు కూడా పెట్టారు. కౌన్సెలర్ ఆ సంబంధంలో నిజంగా ఉండాలి, లోపల ఒకటి పెట్టుకుని పైకి ఒకటి నటించకూడదు. లోపల విసుగు, పైన చిరునవ్వు ఉన్నప్పుడు మొదటి షరతు ఒక్కటే పట్టుకుంటే రెండోది పోతుంది. అలాగని 'మీరంటే విసుగొస్తోంది' అని ఆవిడ మొహం మీద చెప్పమని కాదు. తనకి ఏం జరుగుతోందో కౌన్సెలర్‌కి తెలిసి ఉండాలి, అంతవరకే.

ఈ వాదన కొత్తదేం కాదు. రోగి వల్ల వైద్యుడిలో పుట్టే భావాన్ని 1910లో ఫ్రాయిడ్, వైద్యుడు దాటాల్సిన అడ్డంకి అన్నాడు. 1950లో పౌలా హైమాన్ అనే విశ్లేషకురాలు, ఆ భావమే రోగిని అర్థం చేసుకునే పనిముట్టు అంది. మీరు ఫ్రాయిడ్ వైపు నిలబడ్డారు, తప్పు లేదు.

ఉష_పాత_బ్యాచ్

ఆ పనిముట్టు వాదనతోనే నాకు భయం. ఏ విసుగొచ్చినా 'క్లయింటే నాలో ఇది పుట్టించింది' అని చెప్పేసుకోవచ్చు.

పద్మజ_అరండల్‌పేట

ఆ భయం సరైనదే. అందుకే ఒక్క సెషన్‌తో ఏదీ తేల్చం. ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, ఆవిడ మాట సింధు గారి సొంత విషయం దేనికో తగిలింది. రెండోది, ఆవిడ దగ్గర ఎవరు కూర్చున్నా కాసేపటికి ఇలాగే అవుతుంది. ఏం చేసినా చాలదనిపించి, విసిగి పక్కకి జరుగుతారు. కొడుకూ కోడలూ కూడా అలాగే జరిగారేమో.

ఏదో తెలియాలంటే గమనించాలి. పెళ్ళి ఊసెత్తే పెద్దవాళ్ళు వేరే క్లయింట్లుగా వచ్చినప్పుడు కూడా దవడ బిగుసుకుంటే మొదటిది. ఈవిడ ఒక్కరి దగ్గరే, ఆ మాట రాని రోజు కూడా అలాగే అయితే రెండోదాని గురించి ఆలోచించచ్చు. రెండూ కలిసి ఉండటమే ఎక్కువ చూశాను.

సింధు_ట్రైనీ

మేడమ్, మీరు గీస్తానన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. మా పెద్దమ్మ రోజూ ఫోన్ చేసి అచ్చం ఈ మాటే, ఈ గొంతుతోనే అంటుంది. రాసేటప్పుడు అది నాకు తట్టనే లేదు. ఇప్పుడు దీన్ని కూడా జర్నల్‌లో రాయాలా?

పద్మజ_అరండల్‌పేట

రాయండి. జర్నల్ ఉన్నదే అందుకు.

ఉష_పాత_బ్యాచ్

వద్దు సింధూ, రాయకు.

నేనూ ఇలాగే నమ్మి రాశాను. తాగొచ్చిన ఒక క్లయింట్‌ని చూస్తే మా నాన్న గుర్తొచ్చి చేతులు వణికాయని రాశాను. మా సూపర్‌వైజర్ దాన్ని గ్రూపులో చదివి వినిపించారు. ఇంటర్నల్స్‌లో మార్కులు తగ్గాయి. ఈ ఫీల్డుకి సరిపోదేమో అని ఫైల్లో రాశారు. ఆ తర్వాత మా బ్యాచ్ మొత్తం ఒకే జర్నల్ రాసింది. 'క్లయింట్ బాధ నన్ను కదిలించింది, సహానుభూతితో విన్నాను' అని. అందరికీ మంచి మార్కులే వచ్చాయి.

పద్మజ_అరండల్‌పేట

మీకు జరిగింది అన్యాయం. కానీ ఒక మనిషి చేసిన దానికి పద్ధతినే వదిలేయమంటే ఎలా? నా దగ్గర నిజం రాసినందుకు ఎవరికీ మార్కు పోలేదు.

ఉష_పాత_బ్యాచ్

మీ దగ్గర పోలేదు మేడమ్. సింధు మీ స్టూడెంట్ కాదు. మీరు మంచివాళ్ళు కాబట్టి అందరూ రాయాలా? జర్నల్ చదివేదీ మార్కులు వేసేదీ ఒకే మనిషి అయినప్పుడు అది పరీక్ష పేపరు. పరీక్ష పేపర్లో ఎవరైనా ఇంటి గుట్టు రాస్తారా?

రవికిరణ్_సైకాలజీ

నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే కదా!

ఉష_పాత_బ్యాచ్

కాదు రవి గారూ. విసుగే తప్పన్నారు మీరు. నేను విసుగుని తప్పనడం లేదు, చదివే మనిషిని నమ్మలేం అంటున్నాను.

మిర్చియార్డ్_శీను

మీరందరూ మార్కుల గురించే మాట్లాడుతున్నారు. ఆవిడ మాటలు, ఆవిడ ఇంటి సంగతి ఒకరి పుస్తకంలోకి ఎక్కాయి, అక్కడి నుంచి ఇంకొకరి టేబుల్ మీదికి వెళ్తాయి, ఇప్పుడు ఇక్కడికి కూడా వచ్చాయి. ఆవిణ్ణి ఎవరైనా అడిగారా?

సింధు_ట్రైనీ

మొదటి సెషన్లోనే చెప్పాం సార్. నేను ట్రైనీనని, సెషన్ల గురించి సూపర్‌వైజర్‌తో మాట్లాడతానని ఉన్న కాగితం చదివి వినిపించి సంతకం తీసుకున్నాం.

మిర్చియార్డ్_శీను

ఈ ఫోరం పేరు ఆ కాగితంలో ఉందా?

పద్మజ_అరండల్‌పేట

శీను గారి ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు లేదు. వివరాలు మార్చినా మాటలు ఆవిడవే. ఆవిడ మాటలున్న భాగం అడ్మిన్ గారు తీసేస్తే మంచిది.

ఉష గారూ, కాస్త గట్టిగా అన్నాను, మీ మాటలో పాయింటు ఉంది. మధ్యే మార్గం ఒకటి ఉంది. కేసు ఫైల్లో ఆవిడ గురించి జరిగింది మాత్రమే ఉండాలి, సింధు గారి దవడ సంగతి అక్కడ అనవసరం. పెద్దమ్మ సంగతి సొంత నోట్‌బుక్‌లో, క్లయింట్ పేరు గానీ ఊరు గానీ లేకుండా రాసుకోవచ్చు. మేడమ్‌కి ఇచ్చేదాంట్లో ఏం జరిగింది, ఏం చేశాను, ఏం అడగాలనుకుంటున్నాను అన్నవి ఉంటే చాలు. ఉదాహరణకి ఇలా:

*"నా పెళ్ళి గురించి ఆవిడ అన్న మాట తర్వాత నేను వెంటవెంటనే ఇంకో రెండు సలహాలిచ్చి, సెషన్ ముందే ముగించాను. ఆ మాట నా సొంత విషయం ఒకదానికి తగిలింది. వచ్చే సెషన్లో దీన్ని ఎలా సరిచేయాలో సూపర్‌విజన్‌లో మాట్లాడాలి."*

ఉష_పాత_బ్యాచ్

'సొంత విషయం ఒకదానికి' అన్నది చాలు, వైవాలో అదేంటమ్మా అని అడగడానికి.

పద్మజ_అరండల్‌పేట

అడిగితే, 'అది నా పర్సనల్ కౌన్సెలింగ్‌లో చూసుకుంటున్నాను మేడమ్' అనచ్చు. ఆ మాట అనే హక్కు ట్రైనీకి ఉంది.

ఉష_పాత_బ్యాచ్

హక్కు ఉంటుంది. అనే ధైర్యం ఇంటర్నల్స్ ముందు ఉండదు.

సింధు_ట్రైనీ

రెసిస్టెన్స్ వాక్యం కొట్టేశాను. పెద్దమ్మ సంగతి నా పుస్తకంలో రాసుకున్నాను. మేడమ్‌కి ఇచ్చేదాంట్లో 'సొంత విషయం' అన్న ముక్క ఉంచాలో తీసేయాలో ఇంకా తేలలేదు. మరి వచ్చే సెషన్లో ఆవిడకి సారీ చెప్పాలా?

రవికిరణ్_సైకాలజీ

నిజంగా ఉండాలని మేడమే అన్నారుగా. అయితే విసుగొచ్చిందని చెప్పేయండి.

పద్మజ_అరండల్‌పేట

అది చెబితే ఆ బరువు ఆవిడ నెత్తిన పడుతుంది. కొడుకు దూరమైన మనిషికి, కౌన్సెలర్‌కి కూడా నేను భారమే అన్న మాట చేతికిచ్చినట్టు అవుతుంది. చేసిన పని వరకే ఒప్పుకుంటే చాలు. 'పోయినసారి నేను తొందరపడి సలహాల మీద సలహాలిచ్చాను, ముందే ఆపేశాను కూడా. మీకెలా అనిపించింది?' అని అడిగి ఆగండి. ఆవిడ 'అదేం లేదమ్మా' అంటే కంగారుపడి ఇంకో మాట అందుకోకండి, కాసేపు అలాగే ఉండనివ్వండి.

మిర్చియార్డ్_శీను

ఆ కౌన్సెలర్ నన్ను ఈ ఒక్క ముక్క అడిగుంటే మళ్ళీ వెళ్ళేవాణ్ణి. ఆవిడ మళ్ళీ వస్తానన్నారా?

సింధు_ట్రైనీ

గురువారం రావాలి సార్. ఇంకా కన్ఫర్మ్ చేయలేదు. నేనే ఫోన్ చేయనా?

పద్మజ_అరండల్‌పేట

మీ సొంత నంబర్ నుంచి చేయకండి. సెంటర్ రిసెప్షన్ నుంచి, అందరికీ చేసినట్టే చేయించండి. రానంటే కారణం అడగొద్దని, టైమ్ అలాగే ఉంచుతామని మాత్రం చెప్పమనండి.