అనవస్థ: అవస్థ లేకపోవడమా, నిలకడ లేకపోవడమా?

సుజాత: బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడి వాదం గురించి చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. ప్రమాణాలను, అంటే మనకు జ్ఞానాన్నిచ్చే సాధనాలను, వేరే ప్రమాణాలతో నిరూపిస్తే అనవస్థ వస్తుందట. అవస్థ అంటే బాధ కదా, మరి ఇది బాధ తప్పడమా?

మల్లేశం: అదే అయి ఉండాలండీ. కారణాలు అడగడం మానేస్తే మనసుకు బాధ ఉండదని భావం కావచ్చు.

వాసుదేవరావు: మాటను విడదీసిన తీరు సరే, అర్థం మాత్రం అది కాదు మల్లేశం గారూ. మూలం నిలవడమనే అర్థమున్న 'స్థా' ధాతువు. అవస్థ అంటే స్థితి. బాల్యావస్థ అన్నప్పుడు ఆ పాత అర్థమే. విడిగా వాడితే తెలుగులో అది చెడ్డ స్థితికి పరిమితమైంది. అనవస్థ అంటే ఎక్కడా నిలవకపోవడం. పాలు పొంగాయని కంటితో తెలిసింది. కంటిని ఎందుకు నమ్మాలి? ఇంకో ప్రమాణం చూపాలి. దానికి మరొకటి. న్యాయదర్శనానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాలు ఇక్కడ దీపాన్ని ఉదాహరణగా చూపాయి: దీపాన్ని చూడడానికి ఇంకో దీపం అక్కరలేదు. ఎక్కడో ఒకచోట ప్రశ్న ఆగాలనేది పునాదివాదం. నాగార్జునుడు ఒప్పుకోలేదు. దీపం తనను తాను వెలిగించుకుంటుందంటే ముందు అందులో చీకటి ఉండాలి; దీపంలో చీకటి ఎక్కడిది?

ఫాతిమా: నేను గళ్ళనుడికట్లు కూరుస్తాను. అడ్డం 'రాత్రి', రెండక్షరాలు: రేయి కావచ్చు, నిశి కావచ్చు. రెండో గడి నుంచి నిలువు 'రాతిని చెక్కేవాడు': శిల్పి. అప్పుడు అడ్డం నిశి అని తేలుతుంది, నిశి ఉంది కనుక శిల్పి మీద నమ్మకం పెరుగుతుంది. ఇది కూడా అనవస్థేనా?

వాసుదేవరావు: కాదమ్మా. ఒకదానికొకటి ఆసరా కావడం అన్యోన్యాశ్రయం, దాన్నీ దోషంగానే లెక్కించారు. అయితే పొందికవాదులు కారణాలను వరుసగా నడిపించరు. గళ్ళన్నీ కలిసి ఎంత బాగా అమరాయో చూస్తారు, ఆ మొత్తమే ప్రతి మాటకూ బలం అంటారు. చిక్కు ఏమిటంటే, ఆధారాలు చెరిపేసినా గళ్ళను పొందికగా నింపవచ్చు, అదీ ఎన్నో రకాలుగా. పొందిక ఒక్కటే లోకాన్ని అంటిపెట్టుకోదు.

మల్లేశం: అంటే ఆధారాలే పునాది. పునాదివాదమే గెలిచింది.

వాసుదేవరావు: సగమే. 'రాత్రి' అనే ఆధారం రేయికీ నిశికీ సమానంగా సరిపోయింది. తేల్చింది నిలువు మాట. సుసాన్ హాక్ అనే తాత్వికురాలు ఈ గళ్ళ పోలికతోనే రెండు వాదాలనూ కలిపింది. ఆధారం మన అనుభవం, ఒకదాన్నొకటి దాటే అడ్డం, నిలువు మాటలు మన ఇతర నమ్మకాలు. నాకు ఇదే నచ్చుతుంది. 1985లో పొందికను గట్టిగా సమర్థించిన తాత్వికుడు లారెన్స్ బాంజూర్ తర్వాత పునాదివైపు మళ్ళాడు.

ఫాతిమా: ఒకసారి నేను 'రాతిని' అనేదాన్ని 'రీతిని' అని చదివి అరగంట తప్పుదారిలో ఉన్నాను. ఆధారాన్ని సరిగ్గా చదివానన్నదీ ఒక నమ్మకమే కదా?

సుజాత: అయితే దానికీ కారణం అడగాలా? అడిగితే మళ్ళీ మొదటి మాట దగ్గరికే వచ్చాం.

వాసుదేవరావు: అడగాలనే నాగార్జునుడు అంటాడు. తప్పుగా చదివారని మీకు ఎలా తెలిసింది ఫాతిమా గారూ?

ఫాతిమా: నిలువు మాటలు ఏవీ కుదరలేదు.